‘య.1-18’ అంటే ఎన్ని చదరపు మీటర్లు? గుంటలనూ సెంట్లనూ దస్తావేజు కోసం మార్చే పద్ధతి

వరంగల్, హనుమకొండ ప్రాంతంలో వ్యవసాయ భూమిని ఎకరాల్లో గుంటల్లో చెప్పుకుంటాం, ఇంటి జాగాను గజాల్లో చెప్పుకుంటాం. చదరపు మీటర్ల మాట మాత్రం దస్తావేజులో ఆస్తి షెడ్యూలు రాసేటప్పుడో, ఇంటి అనుమతికి ప్లాను గీయించేటప్పుడో, బ్యాంకులో తనఖా పెట్టేటప్పుడో వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫోను తీసి ఏదో ఒక సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని కాగితం మీద వేసేస్తారు. నేను చాలా ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఈ మార్పిడిలో నా కంట పడిన పెద్ద తప్పులలో చాలావరకు గుణకారంలో జరిగినవి కావు. గుణకారం మొదలు కాకముందే, కాగితం మీద ఉన్న అంకెను చదవడంలోనే అవి జరిగిపోయాయి. అందుకని చదవడం నుంచే మొదలుపెడతాను.

ఒక కుటుంబం కేసును చివరిదాకా తీసుకుంటే విషయం సులభంగా అర్థమవుతుంది. వర్ధన్నపేట వైపు ఒక ఊరిలో రోడ్డు పక్కన ఒక తండ్రి పేరిట ఉన్న భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించారు. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లె కలిసి పంపక దస్తావేజు రాయించుకోవడానికి వచ్చారు. పాత కాగితంలో విస్తీర్ణం ‘య.1-18’ అని ఉంది. చెల్లెను గుంటూరు వైపు ఇచ్చారు, ఆమె ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నారు. కాగితం చూడగానే ఆమె, “అన్నా, అంటే నూట పద్దెనిమిది సెంట్లే కదా?” అని అడిగారు. పెద్దన్న, “కాదు చెల్లె, మన దిక్కు ఎకరానికి నలభయే” అన్నారు. ఆమె అడిగిన దానిలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆమె ఉన్న చోట ఆ రాత అర్థం నిజంగానే అది.

మొదటి పని: గీత తరువాతి అంకె గుంటలా, సెంట్లా తేల్చుకోవడం

ఎకరాన్ని 40 భాగాలు చేస్తే ఒక భాగం గుంట, 100 భాగాలు చేస్తే ఒక భాగం సెంటు. నిజాం రాజ్యపు సర్వే పద్ధతి నుంచి తెలంగాణకు గుంట వచ్చింది, మద్రాసు పద్ధతి నుంచి ఆంధ్రకు సెంటు వచ్చింది. రెండు చోట్లా ఎకరం ఒకటే, రెండు చోట్లా రాసే తీరూ ఒకటే. ముందు ‘య.’ అని యకరాలకు గుర్తు, ఆ తరువాత ఎకరాల అంకె, ఒక గీత లేదా చుక్క, చివర మిగిలిన భాగం. చివర ‘గుం.’ అనో ‘సెం.’ అనో రాస్తే ఇబ్బంది లేదు. నకళ్లు తీసేవారి చేతుల్లో ఆ చివరి అక్షరాలే ముందుగా రాలిపోతాయి.

చెల్లె అడిగినట్టు 1.18ని సెంట్లుగా చదివితే 118 సెంట్లు, అంటే 4,775.29 చదరపు మీటర్లు. పెద్దన్న చెప్పినట్టు గుంటలుగా చదివితే 58 గుంటలు, అంటే 5,867.94 చదరపు మీటర్లు. ఒకే అంకెను రెండు విధాలుగా చదవడం వల్ల 1,092 చదరపు మీటర్ల పైచిలుకు, మన లెక్కలో దాదాపు పదకొండు గుంటల తేడా వచ్చింది. రోడ్డు పక్క భూమిలో పదకొండు గుంటలంటే ఎంతో మీకే తెలుసు.

తేల్చుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది, చివరి అంకెను చూడటం. గుంటల లెక్కలో 39 దాటగానే మరో ఎకరం పూర్తవుతుంది కాబట్టి, గీత తరువాత 40 కానీ అంతకన్నా పెద్ద సంఖ్య కానీ ఉంటే అవి గుంటలు కావు. అవి సెంట్లయినా అయి ఉండాలి, లేదా ఆ కాగితంలో తప్పయినా ఉండాలి. అయితే 39 లోపు ఉన్నంత మాత్రాన గుంటలేనని చెప్పడానికి వీలులేదు, మన 18 కూడా అటువంటిదే.

రెండవ దారి నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది. ఒక సర్వే నంబరులోని బై నంబర్ల విస్తీర్ణాలన్నీ కూడి, మొత్తం సర్వే నంబరు విస్తీర్ణంతో సరిచూడటం. మన కేసులో పహాణీ తీయించి చూస్తే ఆ సర్వే నంబరులో మూడు బై నంబర్లు ఉన్నాయి: 1-18, 1-18, 1-10. తొలి సర్వే నాటి మూల రికార్డైన సేత్వార్‌లో మొత్తం విస్తీర్ణం 4-06 అని ఉంది. సెంట్లుగా కూడితే 3.46 వస్తుంది, అది 4.06తో కలవదు. గుంటలుగా కూడితే 18, 18, 10 కలిసి 46 గుంటలు, అందులో 40 ఒక ఎకరంగా వెళ్లి 6 మిగులుతుంది, మొత్తం సరిగ్గా 4 ఎకరాల 6 గుంటలు అవుతుంది. ఇక వాదనకు చోటు లేదు. చెల్లె కూడా ఆ కూడికను తన చేత్తో వేసి చూసుకున్న తరువాతే తల ఊపారు.

మూడవది, కాగితం ఎక్కడ పుట్టిందో చూడటం. ఇప్పటి ములుగు జిల్లాలోని వెంకటాపురం, వాజేడు వైపు భూములకు ఈ జాగ్రత్త మరీ అవసరం. నూగూరు వెంకటాపురం, భద్రాచలం తాలూకాలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి కాబట్టి, అటువైపు పాత కాగితం చేతికి వస్తే ‘తెలంగాణే కదా, గుంటలే అయి ఉంటాయి’ అని అనుకోకుండా ఆ కాగితాన్నే అడగాలి. అదే విధంగా ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నవారు తమ వైపు రాయించి తెచ్చుకున్న ఒప్పంద పత్రాల్లో ఇక్కడి భూమిని సెంట్లలో రాసి ఉండటం నేను చూశాను. ఆ పత్రంలోని అంకెను నేరుగా తీసుకోకుండా, పహాణీలోని అంకెతో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గుంటకు రెండున్నర సెంట్లు కాబట్టి 58 గుంటల భూమి అక్కడ 145 సెంట్లుగా, అంటే ‘1-45’గా కనిపించాలి. 1-18 అనే ఉంటే, ఆ పత్రం రాసినవారు అంకెను మార్చకుండా చివర మాట మాత్రమే మార్చారని అర్థం.

చుక్క తరువాత నాలుగు అంకెలు ఉంటే

కంప్యూటరు నుంచి వచ్చే ఇప్పటి పట్టాదారు పాసుపుస్తకాల్లో, ఆన్‌లైన్ వివరాల్లో విస్తీర్ణం 1.1800 అన్నట్టు చుక్క తరువాత నాలుగు అంకెలతో కనిపిస్తుంది. దీన్ని చూడగానే ఎకరంలో దశాంశ భాగం అనిపిస్తుంది కానీ, అది దశాంశం కాదు. చుక్క తరువాతి మొదటి రెండు అంకెలు పూర్తి గుంటలు, ఆ తరువాతి రెండు అంకెలు గుంటలో వందో వంతులు. కాబట్టి 1.1800 అంటే ఒక ఎకరం పద్దెనిమిది గుంటలు, 0.2525 అంటే ఇరవై అయిదుంపావు గుంటలు, 0.0750 అంటే ఏడున్నర గుంటలు.

ఈ చివరి అంకె దగ్గర ఆగి చూడండి. మన కేసులో చెల్లె వాటా ఏడున్నర గుంటలు. అన్నదమ్ములిద్దరూ మిగిలిన 50½ గుంటలను చెరి సగం, అంటే చెరి 25¼ గుంటలు తీసుకుంటున్నారు. చెల్లె వాటాను 0.0750 అని రాసుకున్న కాగితాన్ని ఒక కుర్రవాడి చేతికిస్తే, అతను కాలిక్యులేటరులో 0.075ను 4,046.86తో గుణించి 303.51 చదరపు మీటర్లు అని తెచ్చాడు. ఎకరంలో 0.075 వంతు అంటే మూడు గుంటలే కాబట్టి అతని గుణకారం తప్పు కాదు, చదవడమే తప్పు. ఏడున్నర గుంటలు మూడు గుంటలైపోయాయి. అదృష్టవశాత్తూ మూడు వాటాలు కూడి చూసినప్పుడు లోటు బయటపడింది.

కాబట్టి మార్పిడికి ముందు చిత్తు కాగితం మీద విస్తీర్ణాన్ని చుక్క లేకుండా, మాటల్లో రాసుకోండి: ‘ఒక ఎకరం, పద్దెనిమిది గుంటలు’. ఆ పక్కనే మొత్తాన్ని ఒకే ప్రమాణంలో రాయండి: ‘58 గుంటలు’. ఆ తరువాత చుక్క ఉన్న అంకెను మళ్లీ ముట్టుకోవద్దు.

రెండవ పని: గుంటల నుంచి గజాలకు, గజాల నుంచి మీటర్లకు

గుంట అనే కొలత ఎక్కడ నుంచి వచ్చిందో తెలిస్తే లెక్కను గుర్తు పెట్టుకోనక్కరలేదు. మన దిక్కు పాత సర్వేలో వాడిన గొలుసు పొడవు 33 అడుగులు, అంటే 11 గజాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేలే ఒక గుంట. పదకొండును పదకొండుతో గుణిస్తే 121, అందుకే గుంటకు 121 చదరపు గజాలు. ఎకరానికి అటువంటివి నలభై కాబట్టి 4,840 గజాలు. దాన్ని వందతో భాగిస్తే 48.4, సెంటుకు అన్ని గజాలు. ఇంతవరకు ఉన్న అంకెలన్నీ కచ్చితమైనవే, ఎక్కడా సవరింపు లేదు.

గజం నుంచి మీటరుకు వెళ్లేటప్పుడు మాత్రమే దశాంశం మొదలవుతుంది. ఒక గజం పొడవు 0.9144 మీటరు. దాన్ని దానితోనే గుణిస్తే 0.83612736 వస్తుంది, చదరపు గజానికి అన్ని చదరపు మీటర్లు. దస్తావేజుల పనికి 0.836127 అని ఆరు స్థానాలు తీసుకుంటే చాలు. ఈ ఒక్క సంఖ్యను గుర్తు పెట్టుకోండి. గుంటకు 101.17, సెంటుకు 40.47 అని నేరుగా గుణించే పద్ధతి ఉంది, అది తప్పూ కాదు. నేను మాత్రం గజాల మీదుగానే వెళ్తాను, ఎందుకంటే మన రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ఇంటి జాగాల మార్కెట్ విలువను గజానికి ఇంత అనే లెక్క కడతారు. గజాల అంకె ఎలాగూ షెడ్యూలులో ఉండాలి. గజాల అంకె ఒక దారిలో, మీటర్ల అంకె మరో దారిలో వస్తే, రెండింటికీ చిన్న తేడా మిగిలి, పరిశీలించేవారు దాన్ని పట్టుకుంటారు.

మన కేసులో లెక్క ఇలా సాగింది. మొత్తం 58 గుంటలను 121తో గుణిస్తే 7,018 చదరపు గజాలు. దాన్ని 0.836127తో గుణిస్తే 5,867.939 వస్తుంది, రెండు స్థానాలకు సవరిస్తే 5,867.94 చదరపు మీటర్లు. చెల్లె వాటా ఏడున్నర గుంటలు 907.5 గజాలు, అంటే 758.79 చదరపు మీటర్లు. అన్నదమ్ముల్లో ఒక్కొక్కరి 25¼ గుంటలు 3,055.25 గజాలు, అంటే 2,554.58 చదరపు మీటర్లు.

సెంట్లలో ఉన్న భూమికి దారి ఇదే, 121కి బదులు 48.4 వాడాలి అంతే. చెల్లె కోసం ఆమె వాటాను సెంట్లలోనూ వేసి చూపించాం: ఏడున్నర గుంటలకు గుంటకు రెండున్నర చొప్పున 18.75 సెంట్లు, వాటిని 48.4తో గుణిస్తే అవే 907.5 గజాలు. రెండు దారులూ ఒకే గజాల దగ్గర కలిశాయి కాబట్టి మార్పిడి సరిగ్గా ఉన్నట్టే.

నోటి లెక్కతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. ఎకరానికి 4,047, గుంటకు నూటొకటి అనుకుని, 4,047కు పద్దెనిమిది గుంటల 1,820 దాకా కలిపితే 5,870 దగ్గర పడుతుంది. కాలిక్యులేటరు దీనికి బాగా దూరంగా చూపిస్తే ఎక్కడో అంకె జారింది. కానీ ఈ నోటి లెక్కను దస్తావేజులో వేయవద్దు. గుంటకు 101 అని వేస్తే మన 58 గుంటలకు దాదాపు పది చదరపు మీటర్లు తగ్గుతాయి.

గజానికి 0.836 అని మూడు స్థానాలతో ఆపే అలవాటు చాలామందికి ఉంది, పాత దస్తావేజులు అనేకం అలాగే ఉన్నాయి. రెండు వందల గజాల ప్లాటుకు దానివల్ల వచ్చే తేడా రెండు మూడు వందో వంతులే, పట్టించుకోనక్కరలేదు. మన 7,018 గజాలకు మాత్రం అది 5,867.05 ఇస్తుంది, దాదాపు 0.9 చదరపు మీటరు తక్కువ. మీ లింకు దస్తావేజులో పాత పద్ధతి అంకె ఉండి, మీ కొత్త లెక్క కాస్త ఎక్కువగా వస్తే, భూమి పెరిగిందని భయపడకుండా ముందు పాత గజాలను 0.836తో గుణించి చూడండి. పాత అంకె అచ్చంగా వస్తే కారణం దొరికినట్టే.

వాటాలు కూడితే ఒక పైస ఎక్కువ

ఇప్పుడు మూడు వాటాలను కూడండి: 2,554.58, మరో 2,554.58, 758.79. మొత్తం 5,867.95 వస్తుంది. మొత్తం భూమి మాత్రం 5,867.94. ఒక చదరపు మీటరులో వందో వంతు తేడా, సుమారు అరచేయంత నేల. అయినా పంపక దస్తావేజులో మొత్తానికీ వాటాల కూడికకూ తేడా ఉంటే, చదివేవారికి మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. రేపు బ్యాంకు వకీలు ఇదే ప్రశ్నతో ఉత్తరం రాయవచ్చు.

ఈ తేడా తప్పు వల్ల వచ్చింది కాదు. మూడు అంకెలనూ విడివిడిగా పైకి సవరించడం వల్ల వచ్చింది. ఎవరి వాటాలో ఎక్కువగా పైకి సవరించామో వారి అంకెను ఒక వందో వంతు తగ్గించడం సరైన పద్ధతి. సవరించకముందు అంకెలు చూస్తే అన్నదమ్ముల్లో ఒక్కొక్కరి వాటా 2,554.577, చెల్లె వాటా 758.785. అన్నదమ్ముల దగ్గర మూడు వెయ్యో వంతులు పెంచాం, చెల్లె దగ్గర అయిదు వెయ్యో వంతులు పెంచాం. కాబట్టి చెల్లె వాటా 758.78 అని రాశాం, కూడిక సరిగ్గా 5,867.94 అయింది. ఈ మాట ఆమెకు ముందే చెప్పి, ఆమె గుంటలూ గజాలూ ఏమీ మారలేదని చూపించి, ఒప్పించిన తరువాతే రాశాం. చెప్పకుండా మారిస్తే ఒక వందో వంతు కూడా ఇంట్లో పెద్ద మాట అవుతుంది.

లెక్క మధ్యలో ఎక్కడా సవరించకండి. ముందు గుంటను 101.17 చేసి, దాన్ని గుణించి, మళ్లీ సవరించి, మళ్లీ కూడితే తేడాలు పేరుకుంటాయి. చివరి అంకెను ఒక్కసారే సవరించాలి.

హద్దుల పొడవులు కూడా అదే మాట చెప్పాలి

షెడ్యూలుకు జతచేసే ప్లానులో నాలుగు వైపుల కొలతలు మీటర్లలో ఉంటాయి. వాటిని గుణిస్తే షెడ్యూలులోని విస్తీర్ణమే రావాలి, కానీ ఇక్కడే చాలా ప్లానులు తప్పుతాయి. చెల్లె వాటా నలుచదరంగా 99 అడుగుల పొడవు, 82½ అడుగుల వెడల్పు ఉంది. పాత గొలుసుతో చూస్తే మూడు గొలుసులు ఒక వైపు, రెండున్నర గొలుసులు ఒక వైపు, మూడును రెండున్నరతో గుణిస్తే ఏడున్నర గుంటలు. గొలుసు లెక్క ఎంత ముచ్చటగా ఉంటుందో ఇలాంటి చోటే తెలుస్తుంది.

అడుగుకు 0.3048 మీటరు చొప్పున ఆ కొలతలు 30.1752 మీటర్లు, 25.146 మీటర్లు అవుతాయి. ప్లాను గీసినవారు వాటిని 30.18, 25.15 అని సవరించి రాశారు. ఆ రెండింటినీ గుణిస్తే 759.03 వస్తుంది, షెడ్యూలులో మాత్రం 758.78 ఉంది. పావు చదరపు మీటరు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చింది. మూడు స్థానాలతో 30.175, 25.146 అని రాయించగానే గుణకారం 758.78 అయింది. కాబట్టి ప్లానులో కొలతలను మూడు స్థానాలతో అడగండి. విస్తీర్ణాన్ని ఎప్పుడూ గజాల నుంచి తీయండి, సవరించిన వైపుల నుంచి తీయవద్దు.

నలుచదరం కాని జాగాకు ఎదురెదురు వైపులను కూడి సగం చేసి గుణించే అలవాటు ఊళ్లలో ఇంకా ఉంది. ఆ లెక్క నిజమైన విస్తీర్ణం కన్నా తక్కువ చూపించదు, మూలలు వంకరగా ఉన్నకొద్దీ ఎక్కువ చూపిస్తుంది. అటువంటి జాగాలో ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత కొలిపించి, రెండు త్రిభుజాలుగా విడగొట్టి లెక్క కట్టించాలి.

సర్వేయరు కొలిచినప్పుడు వచ్చిన చదరపు మీటర్లు మీ మార్పిడితో కలవకపోతే, దాన్ని మార్పిడి తప్పు అనుకుని అంకెను అటూ ఇటూ లాగవద్దు. ముందు సర్వేయరు అంకెను 101.1714తో భాగించి గుంటల్లోకి తెచ్చుకోండి. మన 58 గుంటలకు బదులు 57.23 గుంటలు వచ్చిందనుకోండి, ముప్పావు గుంట నేల మీద లేదన్న మాట. అది హద్దు ప్రశ్న, గుణకారంతో తీరదు. పాత సర్వే కొలతల పత్రమైన టీపన్‌తో సరిచూపించి, పక్క పట్టాదారుల సమక్షంలో హద్దులు తేల్చుకున్న తరువాతే దస్తావేజు రాయించాలి. రికార్డులో ఉన్నదానికన్నా ఎక్కువ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రాయించవద్దు.

కంప్యూటరులో వేసేవారికి ఒక మాట

ఎక్సెల్ వంటి పట్టికలో ఎకరాలనూ గుంటలనూ ఒకే గడిలో చుక్కతో వేస్తే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, 1.20 అని కొట్టగానే అది 1.2 అని చూపిస్తుంది. ఒకసారి నేనే అటువంటి పట్టికను ప్రింటు తీసి ఇచ్చాను, చదివినవారు దాన్ని ఒక ఎకరం రెండు గుంటలుగా తీసుకున్నారు. పద్దెనిమిది గుంటలు, అంటే 1,821 చదరపు మీటర్లు ఒక సున్నాతో పాటు పోయాయి. సంతకాలకు ముందే పట్టుబడింది కానీ, ఆ రోజు స్టాంపు కాగితాలు వృథా అయ్యాయి. రెండవది కూడిక. ఒక ఎకరం ఇరవై అయిదు గుంటలు రెండు తుంటలుంటే నిజంగా 3 ఎకరాల 10 గుంటలు, పట్టిక మాత్రం 1.25ను 1.25తో కూడి 2.5 అంటుంది.

అందువల్ల ఎకరాలకు ఒక గడి (ఇక్కడ A), గుంటలకు ఒక గడి (B) పెట్టుకుని, ఫలితం గడిలో ఇది వేయండి:

```
=ROUND((A2*40+B2)*121*0.83612736,2)
```

A2లో 1, B2లో 18 వేస్తే 5867.94 రావాలి. మీ పట్టిక సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మొదట ఇదే కొట్టి చూడండి. సెంట్ల భూమికి 40 స్థానంలో 100, 121 స్థానంలో 48.4 పెడితే సరిపోతుంది.

చివరి పని: దస్తావేజులో రాసే తీరు

షెడ్యూలులో రికార్డు కొలతను ముందు పెట్టి, మార్చిన కొలతలను దాని వెనుక ‘అనగా’ అనే మాటతో చేర్చాలి. హక్కు రికార్డులో ఉన్నది గుంటల్లోనే కాబట్టి, చదరపు మీటర్లు దానికి అనువాదం వంటివి. అనువాదంలో ఎప్పుడైనా పొరపాటు దొర్లినా మూలం అక్కడే కనిపిస్తుంది. మన కేసులో మొత్తం భూమిని ఇలా రాశాం:

“య.1-18 గుంటలు (ఒక ఎకరం పద్దెనిమిది గుంటలు మాత్రమే), అనగా 7,018 చదరపు గజాలు, అనగా 5,867.94 చదరపు మీటర్లు (ఐదు వేల ఎనిమిది వందల అరవై ఏడు దశాంశం తొమ్మిది నాలుగు చదరపు మీటర్లు).”

ఇందులో మూడింటిని గమనించండి. ‘గుంటలు’ అన్న మాట పూర్తిగా ఉంది, ‘గుం.’ కూడా కాదు. అంకె పక్కన మాటలున్నాయి, కాబట్టి చుక్క చెరిగిపోయినా విస్తీర్ణం చెరగదు. ప్రతి చోటా ‘చదరపు’ అన్న మాట ఉంది. తొందరలో ‘758.78 మీటర్లు’ అని మాత్రమే రాస్తే అది పొడవు అవుతుంది కానీ విస్తీర్ణం కాదు. హద్దుల దగ్గర మరో చిన్న జాగ్రత్త కూడా ఉంది. మన దిక్కు కొందరు గుంటను ‘కుంట’ అని రాస్తారు, నీటి కుంట కూడా అదే మాట. ‘తూర్పు: 4 కుంటలు’ అని రాసి ఉన్న ఒక పాత కాగితంలో అది పక్కవారి నాలుగు గుంటల చెలకా, నాలుగు నీటి కుంటలా అని తేల్చడానికి మాకు ఒక పూట పట్టింది. కొలతకు ‘గుంట’ అనే రాయండి.

చిత్తు ప్రతి వచ్చాక ఇద్దరు కూర్చోండి. ఒకరు దస్తావేజులోని మాటలను పైకి చదవాలి, మరొకరు పహాణీ, ప్లాను, చిత్తు లెక్క ముందు పెట్టుకుని అంకెలను చూడాలి. రిజిస్ట్రేషన్ అయిన తరువాత విస్తీర్ణంలో తప్పు కనిపిస్తే సవరణ దస్తావేజు రాయించాలి, దానికి అందరూ మళ్లీ వచ్చి సంతకాలు పెట్టాలి. చెల్లె గుంటూరు నుంచి రావలసి ఉంటుంది కాబట్టి మేము ఆ చదవడాన్ని రెండుసార్లు చేశాం. రెండవసారి ఆమే చదివారు, పెద్దన్న అంకెలు చూశారు. తన వాటా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ఒక క్షణం ఆగి, అంచున పెన్సిలుతో ‘18.75 సెం.’ అని తన కోసం రాసుకున్నారు. ఆ పెన్సిలు రాతను అసలు ప్రతిలోకి ఎక్కించలేదు.